"కూలీలు దొరకట్లేదు" అంటున్నారు. ఎంతకి దొరకట్లేదు?

గుడివాడ నుంచి ముదినేపల్లి వైపు చేపల చెరువుల మీద గానీ, బందరు, కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద గానీ పని చేసినవాళ్ళు ఈ రెండు మాటలు వినే ఉంటారు. ఒకటి: "కూలీలు దొరకట్లేదయ్యా, చెరువులు ఎండగట్టుకోవాలి." రెండోది: "కూలి పెంచమంటారు, పెంచితే ఉన్న పని కూడా పోద్ది." రెండూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒక్క టీ తాగేలోపే వస్తాయి.

పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులు చాలట్లేదంటే, ఇంకొందరిని పెట్టుకుంటే ఆయనకి లాభం ఉందన్నమాట. మరి ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి ఎందుకు పిలవడు? పిసినారితనం అనుకుంటాం. అది కాదు. ఆ లెక్క తెలిస్తే కనీస వేతనం గురించి మనల్ని భయపెట్టే మాట ఎక్కడ తప్పో తెలుస్తుంది.

ముందు పీతల సంగతి చూద్దాం. దివిసీమ మడ కాలవల్లో మన యానాదోళ్ళు పీతలు పడతారు. గట్టు దగ్గరికి ఐసు పెట్టెతో ఒక్కడే వ్యాపారి వస్తే ధర ఎవరు చెప్తారు? ఆయనే. వలకీ పడవకీ అడ్వాన్సు కూడా ఆయనదే అయితే ఇంకొకరికి అమ్మలేం. అమ్మేవాళ్ళు వందమంది, కొనేవాడు ఒక్కడు. ఇలాంటి సంతని అర్థశాస్త్రంలో మోనాప్సనీ అంటారు. ఆ మాటని 1933లో తన పుస్తకంతో వాడుకలోకి తెచ్చింది జోన్ రాబిన్సన్ అనే ఇంగ్లండు అర్థశాస్త్రవేత్త. పీతల బదులు మన ఒంటి కష్టం అమ్ముకున్నా కథ అదే.

ఇప్పుడు లెక్క. అంకెలు నేను వేసుకున్నవి, కానీ తీరు నిజం. ఒక ఊరి చివర పేట ఉంది. చుట్టుపక్కల చెరువులన్నీ ఒక్క లీజుదారు చేతిలో ఉన్నాయి. రోజుకి 300 ఇస్తానంటే పేట నుంచి 10 మంది వస్తారు. పదకొండో మనిషికి చంటిబిడ్డో, పీతల వేటో, వేరే పనో ఉంది. 320 అయితే గానీ రాదు. పన్నెండో మనిషి 340కి, అలా ఒక్కొక్కరూ 20 ఎక్కువకి. పనివైపు చూస్తే, పదకొండో మనిషి వస్తే చెరువు మీద 480 రూపాయల పని అదనంగా జరుగుద్ది. పన్నెండో మనిషి వల్ల 460, ఆ తర్వాత 440, అలా తగ్గుతూ వస్తుంది.

480 విలువ చేసే మనిషి 320కి వస్తానంటోంది. అయినా లీజుదారు పిలవడు. ఎందుకంటే ఆవిడకి 320 ఇస్తే మిగతా పదిమందీ ఊరుకోరు, వాళ్ళకీ 320 ఇవ్వాలి. నిన్న 10 మందికి 3,000 అయింది, ఇవాళ 11 మందికి 3,520 అవుద్ది. అంటే ఆవిడ ఒక్కదాని ఖర్చు ఆయనకి 520. వచ్చేది 480. అందుకే పది దగ్గర ఆపేసి, టీ కొట్టు దగ్గర కూర్చుని "కూలీలు దొరకట్లేదు" అంటాడు. 300కి దొరకట్లేదు, నిజమే.

ఇప్పుడు 400కి తక్కువ ఇవ్వకూడదని చట్టం వచ్చింది, గట్టిగా అమలైంది అనుకోండి. పదిమందికీ ఎలాగూ 400 ఇవ్వాల్సిందే. పదకొండో మనిషిని పిలిస్తే మిగతావాళ్ళకి కొత్తగా పెరిగేదేం లేదు. ఆవిడ ఖర్చు 400, అంతే. పని విలువ 480. పిలుస్తాడు. పన్నెండో మనిషినీ, పదమూడో మనిషినీ పిలుస్తాడు. పదిహేనో మనిషి పని విలువ సరిగ్గా 400, అక్కడ ఆగుతాడు. 400కి పేట నుంచి వచ్చేదీ సరిగ్గా 15 మందే. కూలి వంద పెరిగింది, పని ఐదుగురికి పెరిగింది.

మరి ఆయనెందుకు వ్యతిరేకిస్తాడు? ఈ లెక్కలో మొదటి మనిషి పని విలువ 680. అక్కణ్ణించి మనిషికి ఇరవై చొప్పున తగ్గుతూ వస్తే పదిమంది పని మొత్తం విలువ 5,900, కూలి పోను ఆయనకి 2,900 మిగిలేది. పదిహేను మందితో విలువ 8,100 అయింది, కూలి 6,000 పోను 2,100 మిగిలింది. రోజుకి 800 తగ్గింది. ఆయన బాధ నిజమే. కానీ అది 800 రూపాయల బాధ. దాన్ని మన పని పోద్దనే బెంగలాగా మార్చి మనకి చెప్తున్నారు. డిగ్రీ ఎకనామిక్స్‌లో గీయించే బొమ్మ కూడా ఇక్కడే పనికిరాకుండా పోద్ది. ఆ బొమ్మలో కొనేవాళ్ళు లెక్కలేనంతమంది. అందులో ఏ ఒక్కరూ కూలి నిర్ణయించలేరు.

మన డెల్టాలో కొనేవాళ్ళు అంతమంది ఉన్నారా? చెరువులు చాలా కనిపిస్తాయి, యజమానులు వేరువేరే. కానీ చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే కుటుంబం సంగతి చూడండి. ఇల్లు ఆ గుడిసె, అదీ చెరువుదే. పెళ్ళికో, జబ్బుకో తీసుకున్న అడ్వాన్సు తీరలేదు. "ఆయన మనిషి" అని తెలిస్తే పక్క చెరువువాళ్ళు పనికి పిలవరు, వాళ్ళ మధ్య అదో మర్యాద. గుడివాడలో భవనం పని ఉంది, బందరులో పోర్టు పని ఉంది. వెళ్ళి రావడానికి బస్సు చార్జీ, సమయం, అక్కడ తెలిసిన మేస్త్రి కావాలి. చుట్టూ నలభై చెరువులున్నా ఆ కుటుంబానికి కొనేవాడు ఒక్కడే. మోనాప్సనీ అంటే ఊళ్ళో ఒకే యజమాని ఉండాలని కాదు. వదిలేసి వెళ్ళలేకపోతే చాలు.

ఇది కాగితం మీద లెక్కే అంటారేమో. పరీక్ష మన రాష్ట్రంలోనే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ డబ్బులు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కృష్ణా జిల్లా అందులో లేదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ముందు కార్డులొచ్చిన మండలాల్ని, రాని మండలాలతో పోల్చారు. ఆ పరిశోధన 2023లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. కార్డులొచ్చిన చోట ఉపాధి హామీ సరిగ్గా నడిచింది, పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి పని డబ్బు కాదు, బయటి సంపాదన. బయట కూలి రేటు పెరిగింది. రేటు పెరిగినా బయట పని తగ్గలేదు, పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా ఉన్న ఊళ్ళలో పని ఇంకా ఎక్కువ పెరిగింది. పై లెక్క చెప్పేది కూడా అదే: కొనేవాళ్ళు ఎంత తక్కువమందైతే, కింద గీత గీసినప్పుడు పని పెరగడానికి అంత చోటుంటుంది.

అది కనీస వేతన చట్టం మీద పరీక్ష కాదు, నిజమే. కానీ ఉపాధి పని నిజంగా దొరికి, డబ్బు సమయానికి వస్తే అంతకంటే తక్కువకి ఎవరూ పోరు. గీత దానంతటదే పడుద్ది. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఉపాధి పనులు ఆపమని పెద్ద రైతులు ఎందుకు అడుగుతారో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఇక హద్దులు. ఇవి మనమే చెప్పుకోవాలి, లేకపోతే అవతలివాళ్ళు చెప్పి మన నోరు మూయిస్తారు. అదే లెక్కలో గీత 460 దగ్గర పెడితే 12 మందికి పని, 500 అయితే మళ్ళీ పదిమందికే. 540 పెడితే 8 మందే మిగులుతారు. కూలి ఎంత పెంచినా పని పెరుగుద్దని నేను అనట్లేదు. వరికోత మిషన్ వచ్చిన చోట ఆ పైహద్దు ఇంకా కిందికి దిగుద్ది. దాటామని ఎలా తెలుస్తుంది? "మనుషులు దొరకట్లేదు" అనే మాట ఆగిపోద్ది, పని కోసం వచ్చినవాళ్ళని వెనక్కి పంపడం మొదలవుద్ది. ఆ మాట ఇంకా వినిపిస్తుంటే, గీత పైకి జరపడానికి చోటుందన్నమాటే.

ఇంకోటి. పై లెక్కంతా అందరికీ ఒకే కూలి ఇవ్వాలన్న దాని మీద నిలబడింది. అడ్వాన్సులో ఉన్నవాడికి ఒక రేటు, కొత్తగా వచ్చినవాడికి ఇంకో రేటు గుట్టుగా ఇవ్వగలిగితే, లీజుదారు పదకొండో మనిషిని ముందే పెట్టుకునేవాడు. అక్కడ కనీస వేతనం కూలి పెంచుద్ది గానీ పని అంతగా పెంచదు. అప్పు పేరుతో కదలనివ్వకపోతే అసలది సంతే కాదు, వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునేది బలవంతపు చాకిరీ అని 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

గీత పడ్డాక దాన్ని ఎలా దాటతారో కూడా తెలుసుకోండి. కూలి పెంచినట్టు రాసి గంటలు పెంచుతారు. బియ్యం, గుడిసె, మందుల పేరు చెప్పి కోస్తారు. అన్నిటికంటే పెద్దది కుటుంబ లెక్క. నెలకింత అని భర్త పేరున ఇస్తారు. రాత్రి ఏరేటర్లు చూసేది, మేత చల్లేది, పట్టుబడి రోజు రొయ్యలు ఏరేది భార్య కూడా. ఆవిడ లెక్కలోనే ఉండదు. ఆ నెల డబ్బుని ఇద్దరికీ, నిజంగా చేసిన గంటలకీ పంచి చూడండి. చెరువు కాపలాలో ఎంత పెద్ద జీతమనిపించినా గీత కింద ఎంత లోతున ఉందో అప్పుడు కనపడుద్ది.

పాత 1948 చట్టంలో పని పేరు షెడ్యూల్లో ఉంటేనే కనీస వేతనం. చెరువు కాపలా ఏ పనికిందికి వస్తుందనే దగ్గరే వాదన మొదలయ్యేది. 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో షెడ్యూలు లేదు, పని చేయించుకునే ప్రతిచోటా వర్తిస్తుంది. తక్కువిచ్చిన డబ్బు కోసం మూడేళ్ళ లోపు అడగొచ్చు, ఇచ్చానని రుజువు చూపాల్సింది యజమాని. కానీ ఏ రోజు ఎవరెవరు ఎన్ని గంటలు చేశారో మన దగ్గర లేకపోతే లెక్క ఆయన చెప్పిందే అవుద్ది. పేటలో చదువుకున్న పిల్లలు ఫోన్లో రోజూ రాయాల్సింది అదే: తేదీ, చెరువు, ఇంట్లో ఎంతమంది దిగారు, ఎప్పుడు దిగారు, ఎప్పుడు గట్టెక్కారు, చేతికి ఎంత వచ్చింది, దేనికి ఎంత కోశారు.