డ్రైవర్ అన్న ఎవరి కింద?

బావకి గుంటూరులో ఇంటి కప్పుల మీద సోలార్ ప్యానెల్స్ బిగించే చిన్న కంపెనీ ఉంది. తనతో కలిపి 12 మంది. పోయిన నెల ఓ రాత్రి ఫోన్ చేసి, "బామ్మర్దీ, బ్యాంకువాళ్లు ఆర్గనైజేషన్ చార్ట్ అడిగారురా. నాలుగు డబ్బాలు గీసి పంపవా?" అన్నాడు. ఎంతసేపు పడుతుందిలే అని ఒప్పుకున్నా.

మొదట అందరం చేసే తప్పే చేశా. పవర్‌పాయింట్ తెరిచి, పైన మధ్యలో బావని పెట్టి, కింద సేల్స్ మేడమ్, సైట్ ఇంజినీర్, అకౌంటెంట్ ముగ్గుర్నీ సమాన దూరంలో పేర్చా. భలే ఉంది. ఆ తర్వాతి వరుసకి వచ్చేసరికి గొడవ మొదలైంది. సేల్స్ కింద ఇద్దరు, ఇంజినీర్ కింద నలుగురు టెక్నీషియన్లు, ఒక డ్రైవర్, అకౌంటెంట్ కింద స్టోర్ కుర్రాడు. మొత్తం 8 డబ్బాలు. ఒక్కోటి 4 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో 1 సెంటీమీటర్ ఖాళీ అనుకుంటే 39 సెంటీమీటర్లు కావాలి. స్లైడ్ వెడల్పేమో 33.87. డబ్బాలు కుదిస్తే ఫోన్‌లో పేర్లు చీమల బారులా కనిపిస్తున్నాయి.

అప్పుడర్థమైంది, చోటు లెక్క కింద నుంచి మొదలెట్టాలని. అట్టడుగు వరుసలో ఎంతమంది ఉన్నారో ముందు చూసుకోవాలి. వాళ్లు అడ్డంగా పట్టకపోతే, ఎవరి మనుషుల్ని వాళ్ల కిందే నిలువుగా దించేయాలి.

అలాగే చేశా. డబ్బా వెడల్పు 6, ఎత్తు 1.6 సెంటీమీటర్లు. టీమ్ మనుషుల్ని వాళ్ల హెడ్ డబ్బా కంటే 1 సెంటీమీటర్ కుడికి జరిపా, కాబట్టి ఒక్కో నిలువు వరుసకి 7 పట్టింది. మూడు వరుసలు, మధ్యలో రెండేసి సెంటీమీటర్ల ఖాళీ. మొత్తం 25. రెండు పక్కలా బోలెడు చోటు మిగిలింది. టీమ్‌లో డబ్బాకీ డబ్బాకీ మధ్య 0.6 మాత్రమే వదిలా. ఒక టీమ్‌లోని ఖాళీ కన్నా రెండు టీమ్‌ల మధ్య ఖాళీ బాగా ఎక్కువ ఉంటే, గీతలు చూడకముందే ఎవరు ఎవరితో ఉన్నారో కంటికి తెలిసిపోతుంది. కంటి అంచనాతో జరపొద్దు. ఒక్కో టీమ్ డబ్బాల్ని విడిగా సెలెక్ట్ చేసి Align లో Distribute Vertically నొక్కితే చాలు.

గీతని డబ్బా అంచుకి తగిలించకుండా ఊరికే గీస్తే డబ్బా కదిపినప్పుడల్లా ఊడొస్తుంది. ఎల్బో కనెక్టర్ తీసుకుని, హెడ్ డబ్బా ఎడమ అంచు నుంచి మనిషి డబ్బా ఎడమ అంచుకి తగిలించాలి. పసుపు చుక్కని లాగి వంపులన్నీ ఒకే నిలువు మీదకి తెస్తే, అన్నీ కలిసి ఒకే గీతలా కనిపిస్తాయి. అతుక్కుందో లేదో తెలియాలంటే డబ్బాని కాస్త జరిపి చూడండి, గీత వెంట రావాలి.

ఇక డ్రైవర్ అన్న. బావ ఇచ్చిన లిస్టులో ఆయన ఇంజినీర్ కింద ఉన్నాడు. అనుమానమొచ్చి అందరికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేశా, "లీవ్ కావాలంటే ఎవర్ని అడుగుతారు?" అని. మిగతావాళ్లు ఠక్కున చెప్పారు. డ్రైవర్ అన్న మాత్రం కాసేపు ఆగి, "ఇద్దర్నీ అడగాలి సార్. ఒకరు సరే అంటే ఇంకొకరు తిడతారు" అన్నాడు. శనివారం ఇంజినీర్ ప్యానెల్స్ దింపమంటాడట, అదే టైముకి మేడమ్ కస్టమర్ని సైట్ చూపించడానికి తీసుకెళ్లమంటుందట. రెండుసార్లు మానేద్దామనుకున్నాడట కూడా.

బావకి చెబితే, "రెండు గీతలూ గీసెయ్" అన్నాడు. ఇద్దరి నుంచీ నిండు గీతలు గీస్తే ఆ గొడవకి మనమే ముద్ర కొట్టినట్టు. ఒక డబ్బాకి పై నుంచి ఒక్కటే నిండు గీత రావాలి, లీవూ పనీ తేల్చేది ఆ గీత అవతలి మనిషే. అరగంట వాదన తర్వాత ఇంజినీర్‌కే ఒప్పుకున్నాడు. మేడమ్‌ది చుక్కల గీత, అంటే బండి కావాలంటే ఇంజినీర్‌ని అడగాలి.

ఆ చుక్కల గీత మిగతావాటిని దాటకూడదు కదా! ఇంజినీర్ వరుసని మధ్యలో, సేల్స్‌ని ఎడమవైపు పెట్టి, డ్రైవర్ డబ్బాని ఇంజినీర్ వరుసలో అన్నిటికన్నా కిందికి దించా. చుక్కల గీత రెండు వరుసల మధ్య ఖాళీలోంచి దిగి డబ్బాని కింది నుంచి తాకింది. దేన్నీ దాటలేదు. ఇంజినీర్ కింద ఇంకొక్కరు చేరితే ఇరుగ్గా పడతారు, ఇద్దరైతే మళ్లీ గీయాల్సిందే.

బావ దాన్ని బ్యాంక్‌కి పంపి, ఆఫీస్ గ్రూపులో కూడా పెట్టాడు. పది నిమిషాల్లో డ్రైవర్ అన్న ఫోన్.

"సార్, ఈ చుక్కల సంగతి మేడమ్‌కి కూడా చెప్పారా?"