పేజీ తెరుచుకోలేదు, సారాంశం మాత్రం వచ్చేసింది

మా బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక సాయంత్రం నాలుగు వాక్యాల సందేశం వచ్చింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు పదో తరగతిలో తమిళ పేపర్ రాయనక్కర్లేదని, ఆ పేపర్‌కు బదులు మాతృభాషలో రాసుకోవచ్చని దాని సారం. కింద ఒక వార్త లింకు ఉంది. అరగంటలో పాతికమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. "టీచరమ్మా, అయితే పిల్లవాణ్ణి తమిళం ట్యూషన్ మాన్పించేస్తాం" అని ఒక తల్లి నాకు ఫోన్ చేసింది. ఆమె కొడుకు తొమ్మిదో తరగతి.

తమిళనాడులో తెలుగు బడులు నడిపేవారికి ఈ విషయం ఎంత సున్నితమో తెలుసు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. అలా 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఆ తర్వాత మన పిల్లలకు మినహాయింపు కోర్టు ఉత్తర్వుల ద్వారా వచ్చింది, అదీ ఫలానా సంవత్సరాలకు అని గీత గీసి వచ్చింది. కాబట్టి ఇక్కడ "మినహాయింపు ఉంది" అన్న మాట ఒక్కటే చాలదు, ఏ ఏడాదికి అన్నది తేలాలి.

సందేశం పెట్టిన తండ్రిని అడిగాను. ఆయన ఆ వార్త చదవలేదు. లింకు నొక్కితే చందా కట్టి లాగిన్ అవమని పేజీ అడిగిందట. దాంతో లింకును కాపీ చేసి, ఫోన్‌లోని కృత్రిమ మేధ యాప్‌లో అతికించి, పక్కన "సమ్మరైజ్" అని ఒక్క మాట కొట్టారు. నాలుగు వాక్యాలు వచ్చాయి. "మనకు తెరుచుకోకపోయినా దానికి తెరుచుకుంటుందేమో అనుకున్నాను మేడమ్" అన్నారు. చాలామంది అనుకునేది ఇదే. అందుకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఆ లింకు ఇంచుమించు ఇలా ఉంది. అసలు సైటు పేరు తీసేశాను.

```
https://news.example/2019/minority-students-tamil-exemption-class-10
```

దీన్ని ఒకసారి నిదానంగా చదవండి. పేజీ తెరవకుండానే కొన్ని సంగతులు తెలుస్తాయి: సైటు పేరు, 2019 అనే సంవత్సరం, అల్పసంఖ్యాక విద్యార్థులు, తమిళం, మినహాయింపు, పదో తరగతి. విషయం ఏమిటో చిరునామా చెప్పింది. ఏం తేలిందో మాత్రం చెప్పలేదు. మినహాయింపు ఇచ్చారన్న వార్తకూ, నిరాకరించారన్న వార్తకూ, అడుగుతూ పిటిషన్ వేశారన్న వార్తకూ చిరునామాలో ఇవే మాటలు ఉండవచ్చు.

ఇలాంటి యాప్ మాట వెంట మాట పేర్చి వాక్యాలు అల్లుతుంది. కొన్నింటికి వెబ్ పేజీలు తెరిచే సదుపాయమే ఉండదు. ఉన్నవాటికీ చందా గోడ, లాగిన్, యంత్రాలను రానివ్వని సైటు, తీసేసిన పేజీ అడ్డం వస్తాయి. మన బ్రౌజర్‌కు దొరకని తాళం చెవి మామూలుగా దానికీ దొరకదు. అప్పుడు "తెరవలేకపోయాను" అని చెప్పడమే సరైన జవాబు. చాలాసార్లు అలాగే చెబుతాయి కూడా. కానీ కొన్నిసార్లు చిరునామాలోని మాటలనే పట్టుకుని, అలాంటి వార్తలో మామూలుగా ఏముంటుందో అది రాసేస్తాయి. భాష తప్పుల్లేకుండా, తడబాటు లేకుండా ఉంటుంది కాబట్టి మనం నమ్మేస్తాం. పాఠం చదవకుండా శీర్షిక చూసి జవాబు రాసిన పిల్లవాడి పేపర్ దిద్దని టీచర్ ఎవరు? అందులో విషయం ఉన్నట్టే ఉంటుంది, పాఠంలోని ఒక్క వివరమూ ఉండదు.

మరునాడు స్టాఫ్ రూమ్‌లో ఒక చిన్న పరీక్ష పెట్టాం. అదే లింకులో చివరి భాగం తీసేసి, ఎక్కడా లేని పేజీ పేరు రాశాం.

```
https://news.example/2019/krishnagiri-mango-prices-fall
```

పక్కన అదే మాట, "సమ్మరైజ్". కృష్ణగిరిలో మామిడి ధర పడిపోయిందని, రైతులు దిగులుగా ఉన్నారని, గుజ్జు ఫ్యాక్టరీలు తక్కువ ధరకు కొంటున్నాయని చక్కటి పేరా వచ్చింది. ఆ పేజీయే లేదు. ముందు రోజు వచ్చిన నాలుగు వాక్యాలు కూడా ఎలా పుట్టాయో అక్కడ ఉన్న అందరికీ అర్థమైంది. ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఒక్క జాగ్రత్త: మార్చిన లింకుకు యాప్ "తెరవలేను" అన్నంత మాత్రాన అసలు లింకును చదివిందని రుజువు కాదు. పరీక్షలో తప్పితే నమ్మకూడదని మాత్రమే తేలుతుంది.

చందా ఉన్న ఒక మిత్రుడు ఆ వార్తను చివరికి పూర్తిగా పంపించారు. మద్రాసు హైకోర్టు 2019లో ఇచ్చిన ఉత్తర్వు గురించిన వార్త అది. 2020 నుంచి 2022 వరకు పదో తరగతి రాసే భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు మినహాయింపు. ఆ తర్వాత 2023లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకొక్క ఏడాదికి పొడిగించింది. అంటే ఆ లింకులోని వార్త అబద్ధం కాదు. కానీ ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న మా పిల్లలకు ఆ ఉత్తర్వు వర్తించదు. అసలు ముఖ్యమైన సంవత్సరాలు ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేవు, ఎందుకంటే అవి చిరునామాలో లేవు. ఊహించి రాసిన సారాంశాన్ని పట్టుకునే గుర్తు ఇదే. చిరునామాలో లేని తేదీ, ఉత్తర్వు సంఖ్య, పేరు, షరతు ఏదైనా అందులో ఉందా చూడండి. ఏదీ లేకపోతే అనుమానించండి. ఉంటే అసలు పేజీతో సరిచూడండి, ఎందుకంటే అంకెలు కూడా ఊహించి రాసే అవకాశం ఉంది.

సారాంశం నిజంగా కావాలంటే లింకు కాదు, పాఠమే ఇవ్వాలి. పేజీ మీ ఫోన్‌లో తెరుచుకుంటే అక్షరాలపై వేలు నొక్కి పట్టి, మొత్తం ఎంచుకుని, కాపీ చేసి అతికించండి. సర్క్యులర్ పీడీఎఫ్ అయితే ఫైలునే పంపండి. అందులో అక్షరాలు ఎంపిక కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ అన్నమాట. అలాంటప్పుడు ప్రతి పుటకూ స్పష్టమైన ఫోటో తీయాలి, వచ్చిన సారాంశంలోని అంకెలను ఒక్కొక్కటిగా సరిచూడాలి. గూగుల్ డ్రైవ్ లింకు అనుమతి అడిగితే పంపినవారే పంచుకునే సెట్టింగు మార్చాలి, మనం ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. ఇవేవీ కుదరకపోతే ఎవరు పంపారో వారినే ఫైలు అడగడం ఒక్కటే దారి.

మా గ్రూపులో ఇప్పుడొక నియమం పెట్టుకున్నాం. లింకు పెట్టేవారు తాము పేజీ తెరిచి చదివారో లేదో ఒక మాటలో రాయాలి. చదవకపోతే "తెరుచుకోలేదు" అని రాస్తే చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ తండ్రే మొదట అలా రాయడం మొదలుపెట్టారు. ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు తమిళం ట్యూషన్‌కు వెళుతూనే ఉన్నాడు.