భారం ఎవరి మీద?

ఉపయోగితావాదం మనిషిని మరీ పిండేస్తుందన్న ఆక్షేపణ తత్వశాస్త్ర చర్చల్లో దాదాపు తుది తీర్పులా చెలామణి అవుతోంది. అందరి సుఖదుఃఖాలకూ ఒకే విలువ కట్టి, మొత్తం మేలు ఎక్కువయ్యే పనే చెయ్యాలంటే మన జీతం, సెలవులు, సంగీతం ఏవీ మనకు మిగలవు. ఇంత అడిగే సిద్ధాంతం తప్పయి తీరాలంటారు. నాకిది వాదనలా కాదు, బిల్లు చూసి వేసిన కేకలా వినిపిస్తుంది.

పీటర్ సింగర్ తన ప్రసిద్ధ వ్యాసం రాస్తున్న 1971 చివర్లో, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు భారత్‌లో 90 లక్షల మంది ఉన్నారని ఆయన లెక్క. ఆ శరణార్థుల కోసం బ్రిటన్ ఇచ్చింది కోటిన్నర పౌండ్లలోపు. కాంకార్డ్ విమానం మీద ఆ దేశం పెట్టి, తిరిగి రాబట్టుకోలేని ఖర్చు 27 కోట్లు దాటింది. ఇంకొంచెం ఇస్తే మనకు కలిగే నష్టం ఎదుటివాడికి కలిగే మేలుతో సమానమయ్యేదాకా ఇస్తూనే ఉండాలన్నది సింగర్ చెప్పిన కఠిన సూత్రం. లండన్ ఉద్యోగికి ఇది మోయలేని బరువే, కాదనను.

ఇవ్వక్కర్లేదని తేల్చేస్తే మాత్రం బరువు మాయమైపోతుందా? శిబిరంలో ఉన్న పిల్ల మీద పడుతుంది, ప్రాణం పోయేంతగా. డేవిడ్ సోబెల్ 2007లో ఈ సంగతినే కిడ్నీ ఉదాహరణతో చూపించాడు. జో బతకాలంటే శాలీ ఒక కిడ్నీ ఇవ్వాలి. ఇమ్మంటే శాలీకి కష్టం. అక్కర్లేదంటే జో చనిపోతాడు. మొదటిదాన్ని భారమనీ రెండోదాన్ని దురదృష్టమనీ పిలిచే ఆక్షేపణ, ఏ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలో ముందే తేల్చుకుని కూర్చుంది.

జో మీద ఎవరూ ఏ విధీ మోపలేదు కదా అంటారు. అంటే, హాని చెయ్యడం వేరు, జరుగుతుంటే ఊరుకోవడం వేరు అన్నమాట. ఉపయోగితావాదం ఒప్పుకోని తేడా సరిగ్గా అదే. దాన్ని నిరూపించగలిగితే ఆ వాదం అక్కడే ఓడిపోతుంది, భారం ఊసే అక్కర్లేదు. నిరూపించలేకపోతే ఈ ఆక్షేపణకు నిలబడే చోటు లేదు.

ఇక్కడ చాలామంది సూసన్ వుల్ఫ్‌ను సాయం పిలుస్తారు. ఆమె 1982లో గీసిన ‘నైతిక సాధువు’కు విక్టోరియన్ నవల చదవడానికీ, ఓబో వాయించడానికీ తీరిక ఉండదు, చప్పటి మనిషి. చిత్రం నిజమే. కానీ ఆమె కాంట్ మార్గంలోని సాధువునూ వదల్లేదు. పైగా, అందుకని నీతి సిద్ధాంతాలను సవరించుకోమని కూడా అనలేదు; బతుకు మొత్తాన్నీ నీతి ఒక్కదానితోనే కొలవనక్కర్లేదని అంది. ఆమె మాట ప్రకారం ఓబో వాయించుకోవడానికి మంచి కారణాలే ఉండొచ్చు. శరణార్థికి ఇవ్వాల్సినది దానివల్ల ఒక్క పౌండు కూడా తగ్గదు.