ఢోలక్‌పై హరామ్ ముద్ర

కమాన్‌పూర్‌లోనైనా, గోదావరిఖని గని కాలనీల్లోనైనా పెండ్లింట ఆడవారు ఢోలక్ పట్టగానే "హరామ్" అనేవారికి ఒక ప్రశ్న: ఏ ఆధారంతో?

వాద్యాలను హలాల్ చేసుకొనేవారు వస్తారని హెచ్చరించే బుఖారీ హదీసే వారి ప్రధానాధారం. దాని ఉల్లేఖకుల గొలుసు తెగిందని ఇబ్న్ హజ్మ్ (మ. 1064) తోసిపుచ్చారు. ఇతర మార్గాలతో అది అతికి ఉందని ఇబ్న్ హజర్ (మ. 1449) నిరూపించారు. కనుక దానిని తేలికగా కొట్టివేయలేము.

అయితే అదే బుఖారీలో మరో ఉల్లేఖన ఉంది. పండుగనాడు ఆయిషా (ర) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుండగా అబూబకర్ (ర) మందలించారు. ఇది పండుగ, వారిని వదలమన్నారు ప్రవక్త (స). పెండ్లిలో దఫ్‌ను నిషేధవాదులలోనూ పలువురు అనుమతించారు.

"దఫ్‌కు చర్మం ఒకవైపే, ఢోలక్‌కు రెండువైపులా" అంటారు. గజాలీ (మ. 1111) డోళ్ళను అనుమతించి, 'కూబా'ను మాత్రం నిషేధించారు. అది నడుము సన్నగా, చివరలు వెడల్పుగా ఉండే డోలు. ఢోలక్ నడుమే లావు! నిషేధం ఆ వాద్యానిదే తప్ప రెండు చర్మాలది కాదు.

అశ్లీల పదాలుంటే, మద్యం చేరితే ఆపండి. గజాలీ సైతం మీతోనే ఉంటారు. కానీ శతాబ్దాలుగా పండితులు విభేదించిన చోట మన ఆడపడుచులను పాపులనే అధికారం మీకెవరిచ్చారు?