హ్యాండోవర్ పాఠంలో చెక్‌లిస్టు ఎవరి చేతిలో ఉండాలి?

నర్సింగ్ చదువుతున్న మన బరంపురం పిల్లలకు సంఘం హాల్లో పెట్టబోయే గంట పాఠం గురించి గ్రూపులో చాలా మాటలు నడిచాయి. ఎస్‌బార్ చార్టు ప్రింటు తీసి పంచితే చాలని కొందరు పెద్దలన్నారు. మేం ఒప్పుకోలేకపోతున్నాం. పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, చేయవలసింది అనే ఆ నాలుగు మెట్లూ పిల్లలకు కంఠతా వచ్చు. చిక్కంతా డ్యూటీ దిగే హడావిడిలోనే.

మేం అనుకున్న సన్నివేశం ఇది. కాలి పుండుతో చేరిన షుగరు రోగికి సాయంత్రం 7 గంటలకు రెగ్యులర్ ఇన్సులిన్ 8 యూనిట్లు ఇచ్చారు. ఏడున్నరకు భోజనం వచ్చింది. వికారంగా ఉందని ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశారు. 8 గంటలకు డ్యూటీ మార్పు. దిగే సిస్టర్ "ఇన్సులిన్ అయింది, భోజనం అయింది" అని వెళ్లిపోతే ఏమవుతుంది? ఆ ఇన్సులిన్ జోరుగా పనిచేసేది రెండు నుంచి నాలుగు గంటల మధ్య, అంటే 9 నుంచి 11 లోపు. వార్డులో దీపాలు తీసేసే వేళ. షుగరు 70 కంటే దిగి చెమటలు పట్టినా, మాట తడబడినా నిద్రమత్తు అనుకునే ప్రమాదం ఉంది.

ముగ్గురేసి పిల్లలు: ఒకరు అప్పగిస్తారు, ఒకరు తీసుకుంటారు, ఒకరు చూస్తారు. మొదటి విడతలో చెక్‌లిస్టు చూసేవారి చేతిలోనే ఉండాలి. వార్డులో కాగితం చూసి చెప్పడమే మంచిదన్నది నిజమే. కానీ మొదటే ఇస్తే చదివేస్తారు, ఏది జారిపోతుందో మనకు తెలియదు. అందులో "స్పష్టంగా చెప్పింది" లాంటి గీతలు వద్దు. ఎంత తిన్నారో చెప్పిందా, షుగరు మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పిందా, తీసుకునే సిస్టర్ డోసు, టైము తిరిగి చెప్పి సరిచూసుకుందా... ఇలా చెవికి వినబడేవే ఉండాలి.

అభినయానికి ఐదు నిమిషాలు, ఆ తర్వాతి చర్చకు పదిహేను. ముందు ఎలా అనిపించిందో చెప్పనివ్వాలి, తర్వాత ఏం జరిగిందో, ఆపైన ఎందుకో. "ఎందుకు మర్చిపోయావమ్మా?" అంటే పిల్ల నోరు మూసేసుకుంటుంది. "భోజనం సంగతి నీ చీటీలో ఉంది, మాటల్లో రాలేదు. అప్పుడు నీకేమనిపించింది?" అని అడగాలి. "ట్రే వచ్చింది కదా, తిన్నట్టే అనుకున్నా" అనొచ్చు. "ఒడియాలో ఆ మాట తట్టలేదక్కా" అనీ అనొచ్చు. మొదటిదానికి ట్రే చూసే అలవాటు నేర్పాలి, రెండోదానికి మాట నేర్పాలి. అందుకే అభినయం వార్డులో నడిచే ఒడియా, ఇంగ్లీషుల్లోనే పెట్టి, చర్చ తెలుగులో పెడదాం. వెంటనే కాగితం చేతికిచ్చి, పాత్రలు మార్చి అదే సన్నివేశం మళ్లీ చేయించాలి.

పన్నెండు మంది పిల్లలంటే నాలుగు జట్లు. జట్టుకొక అనుభవమున్న సిస్టర్ కావాలి. ఇప్పటికి ఇద్దరే వస్తామన్నారు. రిటైరైన అక్కలెవరైనా మరో ఇద్దరు పేరు ఇవ్వగలరా?