ఒకే వంట, ఒకే జబ్బు

ముప్ఫై నలభై ఏళ్ళు కాపురం చేసిన దంపతులను చూసి, "ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్లున్నారే!" అంటుంటారు. ఇందులో నిజమెంత?

ముందు ముఖాల సంగతి. కాలం గడిచేకొద్దీ ముఖాలు కలుస్తాయని 1987లో అమెరికాలో 12 జంటల ఫొటోలు చూసి చెప్పారు. 2020లో 517 జంటల ఫొటోలు పరిశీలిస్తే అది నిలవలేదు. పోలిక పెళ్ళినాటికే ఉంది, తర్వాత పెరగలేదు. స్వభావం మాటా చాలావరకూ అంతే. ఊరు, కులం, చదువు చూసి సంబంధం కలుపుకునే మనకు ఇందులో ఆశ్చర్యమేముంది? మేనరికమైతే రక్తమే ఒకటి.

పెళ్ళయ్యాక నిజంగా కలిసేవి అలవాట్లు. ఇంగ్లండులో వేలాది జంటలను ఏళ్ళ తరబడి గమనించి 2015లో ఒక సంగతి ప్రకటించారు. భార్య సిగరెట్టు కాలుస్తూనే ఉంటే మానగలిగిన భర్తలు నూటికి 8 మంది. ఆమె కూడా అప్పుడే మానితే 48 మంది! మంచికైనా చెడుకైనా ఒకరి వెంట ఒకరు నడుస్తారన్నమాట.

జబ్బులూ అలాగే వస్తాయి. మన దేశంలో నడివయసు దాటిన ప్రతి అయిదు జంటల్లో సుమారు ఒక జంటలో ఇద్దరికీ రక్తపోటు ఉన్నట్లు 2023లో వెల్లడైంది.

ఒక ఉదాహరణ చూడండి. హుస్సేనీ ఆలం నుంచి 58 ఏళ్ళ భర్త వచ్చాడు. రక్తపోటు 160/100. తోడు వచ్చిన భార్య "నాకేం లేదండీ" అంది. చూస్తే ఆమెకు 150/94. వేర్వేరు రోజుల్లో మళ్ళీ చూసినా 140/90కి తగ్గలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఉప్పు నెలకు కిలో! అంటే మనిషికి రోజుకు 16 గ్రాముల పైమాటే. ఉండవలసింది 5 గ్రాములలోపు. ఇద్దరికీ నెలకు 300 గ్రాములు చాలు. కిలో పొట్లం మూడు నెలలు దాటి రావాలి. కొంత ఉప్పు గంజితో, కడిగిన నీళ్ళతో పోతుంది నిజమే. కాని కొనితెచ్చే ఆవకాయ, అప్పడాలు, బేకరీ బిస్కట్లలోని ఉప్పు ఈ లెక్కలోకి రాలేదు. భర్తకొక్కడికే చప్పిడి కూర వండితే నాలుగు రోజుల ముచ్చటే. కుండలోనే ఉప్పు తగ్గించి, ఇద్దరూ అదే తినాలి.

కనుక ఒకరికి రక్తపోటు గాని, మధుమేహం గాని తేలితే, రెండోవారు బాధలేమీ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి.

ఒక్క హెచ్చరిక. జబ్బు ఒకటే కదా అని భర్తకు రాసిన మాత్రలు భార్య మింగరాదు. మూత్రపిండాల స్థితి, వయస్సు, ఇతర జబ్బులు చూసి మందు నిర్ణయిస్తారు. ఒకరికి సరిపడ్డ మధుమేహం మాత్ర ఇంకొకరికి చక్కెర బాగా పడిపోయి స్పృహ తప్పించవచ్చు. వంట ఒకటి కావచ్చు. మందుచీటీలు మాత్రం రెండు ఉండాలి.