కంపెనీకి తెగ ఉండదు

హైదరాబాద్ పాతబస్తీ దాటి కంచన్‌బాగ్ వైపు వెళ్తే పొడవాటి ప్రహరీ గోడలు కనిపిస్తాయి. ఒకచోట భారత్ డైనమిక్స్ లిమిటెడ్ అని బోర్డు, ఇంకోచోట మిశ్ర ధాతు నిగమ్ లిమిటెడ్ అని బోర్డు. మొదటిది 1970లో పుట్టింది, క్షిపణులు తయారు చేస్తుంది. రెండోది 1973లో పుట్టింది, ప్రత్యేక లోహాలు తయారు చేస్తుంది. అప్రెంటిస్ కోసం మా ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాణ్ణి ఆ గేటు దగ్గర దింపినప్పుడు అతను నన్ను అడిగాడు: "సార్, ఇది గవర్నమెంటా, కంపెనీయా?"

చిన్న ప్రశ్నే. కానీ మన కొండల బతుకు ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

జవాబు బోర్డు మీదే ఉంది. "లిమిటెడ్" అని ఉందంటే అది చట్టం పుట్టించిన వ్యక్తి. దానికి తల్లీ తండ్రీ లేరు, రిజిస్ట్రేషన్ కాగితమే పుట్టుక. అది భూమి కొంటుంది, అప్పు చేస్తుంది, కోర్టుకెక్కుతుంది. పనిచేసేవాళ్లు రిటైరవుతారు, వాటాదారులు మారతారు, అది మాత్రం ఉంటుంది. పెద్ద వాటా కేంద్ర ప్రభుత్వానిదే అయినా చట్టం దృష్టిలో ప్రభుత్వం వేరు, కంపెనీ వేరు. హైదరాబాద్‌లోనే ఉన్న ఈసీఐఎల్ విషయంలో ఈ సంగతి తేలింది. కేంద్రం ఆస్తి మీద రాష్ట్రం పన్ను వేయకూడదని రాజ్యాంగంలో ఉంది కాబట్టి వ్యవసాయేతర భూమి పన్ను తనకు వర్తించదని ఆ సంస్థ వాదించింది. 1999లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వాటాలన్నీ ప్రభుత్వానివే అయినా కంపెనీ వేరే వ్యక్తి అని చెప్పింది.

ఈ మాట గుర్తుపెట్టుకుని ఇప్పుడు బొర్రాకు రండి.

మనం 1/70 అని పిలుచుకునే చట్టం ప్రకారం ఏజెన్సీలో ఏ "వ్యక్తి" అయినా భూమిని గిరిజనులకే బదిలీ చెయ్యాలి, లేదా సభ్యులందరూ గిరిజనులే అయిన సహకార సంఘానికి ఇవ్వాలి. ఇంకెవరికి ఇచ్చినా చెల్లదు. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల, ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు గనుల లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం వాదన ఇది: "వ్యక్తి అంటే మనుషులు. ప్రభుత్వం వ్యక్తి కాదు. మా భూమి మా ఇష్టం." ఇదే ప్రశ్న మీద హైకోర్టులోనే రెండు రకాల తీర్పులు వచ్చాయి.

1997 జూలై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆ వాదనను కొట్టేశారు. 1/70లో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అన్నారు. ఆలోచిస్తే ఇది తేలికైన లెక్కే. షావుకారును ఆపే చట్టం, అందరికన్నా పెద్ద భూస్వామి అయిన ప్రభుత్వాన్ని ఆపకపోతే, కిటికీకి గడియ పెట్టి తలుపు తీసి ఉంచినట్టే కదా. లీజు తీసుకునే కంపెనీ గిరిజనేతర వ్యక్తి అనీ తేలింది. కంపెనీకి తెగ ఉండదు. గిరిజనుణ్ణి డైరెక్టరుగా కూర్చోబెట్టినంత మాత్రాన అది గిరిజన కంపెనీ కాదు.

ఇంతవరకు మన గెలుపే. కానీ ఆ తీర్పులోనే ఒక కిటికీ మిగిలిపోయింది. ఏపీఎండీసీ లాంటి ప్రభుత్వ సంస్థకు ఇస్తే నిషేధం వర్తించదన్నారు, అది లాభం కోసం కాక ప్రజల కోసం పనిచేస్తుందని.

నా గొడవ ఇక్కడే. పన్ను దగ్గర ప్రభుత్వం వేరు, ప్రభుత్వ కంపెనీ వేరు. గని దగ్గర మాత్రం రెండూ ఒకటే! ఆ ఒక్క మినహాయింపుతో ఏం చేశారో చూశాం. 2005లో విశాఖ మన్యం బాక్సైట్ కోసం జిందాల్‌తో ఒప్పందం కుదిరింది. తవ్వేది ఏపీఎండీసీ, తీసుకెళ్లి శుద్ధి చేసేది ప్రైవేటు ఫ్యాక్టరీ. లీజు కాగితం మీద ప్రైవేటు పేరు ఉండదు, ఖనిజం మాత్రం అక్కడికే పోతుంది. 2015లో జీవో 97 వచ్చినప్పుడు మన్యం లేచింది. ఆ జీవో 2019లో రద్దయ్యింది. రద్దు చేయించింది జనం. చట్టంలో కిటికీ అలాగే ఉంది.

ఈ మధ్య మన యువకుల్లో ఒక మాట వినిపిస్తోంది: కంపెనీ వ్యక్తి అయినప్పుడు, గుళ్లో విగ్రహం వ్యక్తి అయినప్పుడు, మన కొండ ఎందుకు కాకూడదు? న్యాయమైన కోపం. కానీ అడిగేముందు ఒకటి చూడాలి. చట్టం పుట్టించిన వ్యక్తికి నోరు ఉండదు. దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

విగ్రహం ఆస్తి కలిగిన వ్యక్తి అని 1925లోనే ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అయితే చట్టం దృష్టిలో ఆ దేవుడు ఎప్పటికీ మైనరే. ఆయన భూమి సంగతి ధర్మకర్త చూస్తాడు, దేవాదాయ శాఖ చూస్తుంది. 2019 అయోధ్య తీర్పులో దేవుడు వ్యక్తి అన్నారు, జన్మస్థలమనే నేల మాత్రం వ్యక్తి కాదన్నారు. మన దేవతల్లో చాలామందికి విగ్రహం లేదు, దానపత్రం లేదు. చెట్టూ కొండా నేలే మన దేవతలు. అంటే ఆ దారి మనకు ఇరుకు.

నది సంగతి చూడండి. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను వ్యక్తులని ప్రకటించింది. సంరక్షకులుగా పెట్టింది ఎవరిని? నమామి గంగే డైరెక్టరును, రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరల్‌ను. నదిని పాడు కానిచ్చిన యంత్రాంగమే నది నోరు అయ్యింది. వరదొచ్చి నష్టం జరిగితే నది మీద కేసు వేస్తారా, పరిహారం ఎవరిస్తారు అని రాష్ట్రమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూలైలో స్టే వచ్చింది. అదే ఏడాది న్యూజిలాండ్‌లో వాంగనూయి నదిని పార్లమెంటు చట్టంతో వ్యక్తిని చేశారు. అక్కడ నది తరఫున మాట్లాడేది ఇద్దరు. ఒకరిని ప్రభుత్వం, ఇంకొకరిని ఆ నది ఒడ్డు మావోరి తెగలు ఎంపిక చేస్తాయి. తేడా అంతా ఆ రెండో కుర్చీలోనే ఉంది.

ఇక మన పక్కనే ఉన్న నియమగిరి. అక్కడా బాక్సైటే. అక్కడా తవ్వుతానన్నది ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ కంపెనీ, ఖనిజం చేరాల్సింది వేదాంత ఫ్యాక్టరీకి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు కొండను వ్యక్తి అనలేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. కొండకు హోదా రాకుండానే కొండ నిలిచింది, ఎందుకంటే దాని తరఫున డోంగ్రియా కోందులు తమ నోటితో తాము మాట్లాడారు.

అందుకే నా మాట ఇది. కొండను వ్యక్తిని చెయ్యమని అడిగితే, దాని నోరు గ్రామసభే అని అదే కాగితంలో రాయించుకోవాలి. లేకపోతే మన కొండ కూడా మైనరవుతుంది, కలెక్టరు ఆఫీసు దానికి గార్డియన్ అవుతుంది. ఇక ప్రభుత్వ కంపెనీ గని అడిగితే లీజు కాగితం ఒక్కటే చదివి ఊరుకోవద్దు. ఖనిజం ఎవరికి అమ్ముతున్నారో ఆ ఒప్పందాన్ని గ్రామసభలో పెట్టమనండి. కొనేవాడు ప్రైవేటు అయితే, 1/70 ఆపమన్నది సరిగ్గా వాణ్ణే.

కంచన్‌బాగ్ గేటు దగ్గర కుర్రాడు అడిగిన ప్రశ్ననే మనం ఊళ్లోకి వచ్చిన ప్రతి జీపునూ ఆపి అడగాలి. నువ్వు గవర్నమెంటువా, కంపెనీవా? పన్ను కట్టేచోట ఒకటీ, మా కొండ దగ్గర ఇంకొకటీ చెబితే కుదరదు.